ఫుట్‌బాల్ మైదానానికి ముగ్గు

1977 ఏప్రిల్ 30న ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్టణంలో డెర్బీ కౌంటీ, మాంచెస్టర్ సిటీ జట్ల మధ్య మ్యాచ్ జరుగుతోంది. బేస్‌బాల్ గ్రౌండ్ అనే ఆ పాత స్టేడియంలో అప్పటికి గడ్డి కన్నా బురదే ఎక్కువ. రిఫరీ డెర్బీకి పెనాల్టీ ఇచ్చాడు. తీరా బంతి పెట్టబోతే పెనాల్టీ చుక్క కనబడలేదు, బురదలో కలిసిపోయింది. మైదానాన్ని చూసుకునే బాబ్ స్మిత్ కొలత టేపు, రంగు బకెట్టు పట్టుకుని వచ్చాడు. అంత జనం చూస్తుండగా గోల్‌లైన్ నుంచి 12 గజాలు కొలిచి, బురద మీదే తెల్లటి చుక్క పెట్టాడు. గెర్రీ డేలీ ఆ చుక్క మీద నుంచి గోల్ కొట్టాడు. డెర్బీ 4-0తో గెలిచింది.

బాబ్ స్మిత్ పని నిమిషాల్లో అయిపోయిందంటే కారణం ఉంది. చెరిగింది ఒక్క చుక్కే. గోల్‌పోస్టులు, గోల్‌లైన్ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి వాటి నుంచి కొలిస్తే సరిపోయింది. ఏమీ లేని ఖాళీ నేల మీద మొత్తం మైదానాన్ని గీయాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. దేన్నుంచి కొలవాలన్నది కూడా అప్పుడు మనమే తేల్చుకోవాలి.

ఇల్లు కట్టేవాళ్లకు ఈ పని కొత్త కాదు. పునాది తవ్వే ముందు మేస్త్రి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, దారం లాగి, దారం వెంట ముగ్గు పోస్తాడు. మైదానానికి చేసేదీ అదే. తేడా అల్లా పరిమాణంలో ఉంది. ఇంటి పునాది పది పదిహేను మీటర్లు ఉంటే, మైదానం వంద మీటర్లు దాటుతుంది. పది మీటర్ల గోడలో కంటికి ఆనని వంకర, వంద మీటర్ల దూరం వెళ్లేసరికి అడుగున్నర పక్కకు జరుగుతుంది.

పెద్దల మ్యాచ్‌లకు నియమాలు కొంత వెసులుబాటు ఇస్తాయి. మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్ల దాకా, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల దాకా ఉండవచ్చు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు మాత్రం పొడవు 100 నుంచి 110, వెడల్పు 64 నుంచి 75 మీటర్లు. పెద్ద స్టేడియాల్లో ఎక్కువగా కనిపించేది 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఇక్కడ ఆ కొలతే తీసుకుందాం. మైదానం చిన్నదైనా పెద్దదైనా లోపలి పెట్టెలు, వృత్తాలు మాత్రం మారవు. పాఠశాల స్థలం 95 మీటర్లే ఉందని పెనాల్టీ ఏరియాను కుదించడానికి లేదు.

ఆ లోపలి కొలతలు మీటర్లలో చూస్తే వింతగా ఉంటాయి. గోల్ వెడల్పు 7.32, మధ్య వృత్తం వ్యాసార్ధం 9.15, పెనాల్టీ ఏరియా లోతు 16.5 మీటర్లు. గజాల్లో చదివితే చిక్కు విడిపోతుంది. గోల్ 8 గజాలు, వృత్తం 10 గజాలు, పెనాల్టీ చుక్క 12 గజాలు, పెనాల్టీ ఏరియా 18 గజాలు, దాని లోపలి గోల్ ఏరియా 6 గజాలు. ఇవన్నీ ఇంగ్లండ్‌లో పుట్టిన గుండ్రటి అంకెలు. ఒకేసారి పుట్టినవీ కావు. 1891లో పెనాల్టీ కిక్ వచ్చినప్పుడు మైదానం అడ్డంగా 12 గజాల దూరంలో ఒక గీత మాత్రమే ఉండేది, దాని మీద ఎక్కడి నుంచైనా కొట్టవచ్చు. ఇప్పుడు మనం చూసే పెట్టెలు 1902లో వచ్చాయి. పెట్టె నెత్తిన ఉండే విల్లులాంటి గీత, ఆటగాళ్లు ‘డీ’ అని పిలిచేది, 1937 దాకా లేనే లేదు.

రంగు డబ్బా తెరిచే ముందు ఒక నియమాన్ని మనసులో గట్టిగా నాటుకోవాలి. గీత తాను చుట్టిన స్థలంలో భాగం. బంతి గీతను పూర్తిగా దాటితేనే బయటికి వెళ్లినట్టు. పెనాల్టీ ఏరియా గీత మీద ఫౌల్ జరిగితే అది పెనాల్టీయే. అందుకే కొలతలన్నీ గీత వెలుపలి అంచు దాకా తీస్తారు. దారాన్ని ఆ వెలుపలి అంచున లాగి, రంగును దారానికి లోపలి పక్కన వేయాలి. దారాన్ని గీతకు నడుమ ఉంచితే ప్రతి గీతా సగం మందం బయటికి పొర్లుతుంది. దారానికి ఒక చోట లోపల, ఇంకో చోట బయట వేస్తే పెట్టె కొలతే తప్పుతుంది.

గీత మందం 12 సెంటీమీటర్లు మించకూడదు, అన్ని గీతలూ ఒకే మందంలో ఉండాలి. గోల్‌లైన్ మందం గోల్‌పోస్టు మందంతో సమానంగా ఉండాలన్నది మరో నిబంధన. కాబట్టి పనిలో మొదటి కొలత గోల్‌పోస్టు గొట్టానిదే. గొట్టం 10 సెంటీమీటర్లు ఉంటే మైదానమంతా 10 సెంటీమీటర్ల గీతే. గోల్‌లైన్ వెలుపలి అంచు పోస్టు వెనుక అంచుతో కలవాలి. చాలాచోట్ల పోస్టుల ముందు నుంచి గీత గీసేస్తుంటారు. అప్పుడు గోల్ మైదానం బయట ఉన్నట్టవుతుంది.

ఇక నేల మీదికి వద్దాం. గడ్డి ముందే కోయించి ఉండాలి. పొడవాటి గడ్డి దారాన్ని పైకి ఎత్తి పక్కకు నెడుతుంది. వీలున్నచోట గోల్‌పోస్టులు ఉత్తర దక్షిణాలకు ఉండేలా చూసుకుంటే సాయంత్రపు ఎండ గోల్‌కీపర్ కళ్లలో పడదు. చుట్టూ గోడ, చెట్టు, రాయి లేకుండా రెండు మూడు మీటర్లు వదలడం ఆటగాళ్ల మోకాళ్ల కోసం.

మొదట ఒక పక్కగీతను ఆధారంగా ఎంచుకోవాలి. స్థలంలో తిన్నగా ఉన్న అంచు పక్కన ఒక మూల మేకు దిగ్గొట్టి, 105 మీటర్ల దూరంలో రెండో మూల మేకు కొట్టి, మధ్యన దారం బిగించాలి. సరిగ్గా 52.5 మీటర్ల దగ్గర మూడో మేకు. ఈ నడిమి మేకే తర్వాతి పనికి పట్టు.

ఇప్పుడు లంబకోణం కావాలి. మేస్త్రులు మూలమట్టంతోనో, 3-4-5 లెక్కతోనో మూల తీస్తారు. ఒక భుజం 3, రెండో భుజం 4, ఎదుటి కర్ణం 5 అయితే మూల లంబంగా ఉన్నట్టు. తాడుతో మూల తీయడం ఈ నేల మీద చాలా పాత విద్య. యజ్ఞవేదికలు కొలిచే గ్రంథాలకు శుల్బ సూత్రాలనే పేరు వచ్చిందే తాడు నుంచి. శుల్బమంటే తాడు. ఆపస్తంబుడి శుల్బ సూత్రంలో 15, 36, 39 కొలతల త్రికోణంతో వేదిక మూలలు తీసే పద్ధతి ఉంది.

అయితే మైదానానికి 3-4-5 మీటర్ల చిన్న త్రికోణం చాలదు. 5 మీటర్ల కర్ణంలో ఒక్క సెంటీమీటరు తప్పు దొర్లిందనుకుందాం. ఆ మూల నుంచి గీత 68 మీటర్లు వెళ్లేసరికి దాదాపు 28 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే సెంటీమీటరు తప్పు 30-40-50 మీటర్ల త్రికోణంలో దొర్లితే తేడా మూడు సెంటీమీటర్ల లోపే. త్రికోణం ఎంత పెద్దదైతే చేతి తప్పు అంత చిన్నదవుతుంది.

కాబట్టి మైదానంలో సగాన్నే త్రికోణంగా వాడుకోవడం మేలు. సగం మైదానం 52.5 మీటర్లు, 68 మీటర్ల దీర్ఘచతురస్రం. దాని కర్ణం 85.91 మీటర్లు. ఒక మనిషి మూల మేకు నుంచి 68 మీటర్లు టేపు లాగుతాడు, మరొకరు నడిమి మేకు నుంచి 85.91 మీటర్లు లాగుతారు. రెండు టేపుల చివరలు ఎక్కడ కలిస్తే అక్కడ మూడో మూల. అవతలి మూల నుంచి కూడా ఇలాగే చేస్తే నాలుగో మూల వస్తుంది. వంద మీటర్ల టేపులు రెండు ఉంటే పని హాయిగా సాగుతుంది. కొత్తగా దొరికిన రెండు మూలల మధ్య ఇంకా ఎవరూ కొలవలేదు కాబట్టి అదే పరీక్ష. అక్కడ 105 మీటర్లు వస్తే మైదానం మూల తిరిగినట్టు. రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే మేకులు సర్దుకోవచ్చు. పది సెంటీమీటర్లు తేడా వస్తే ఎక్కడో కొలత తప్పింది, రంగు జోలికి వెళ్లకుండా మొదటి మేకు నుంచి మళ్లీ చూసుకోవాలి.

ఆఖరున మూల నుంచి ఎదుటి మూలకు రెండు కర్ణాలూ కొలుస్తారు. రెండూ సమానంగా, 125.10 మీటర్ల దగ్గర ఉండాలి. నాలుగు భుజాలూ సరిపోయి కర్ణాలు తేడాగా ఉంటే, పక్కకు తోసిన మంచంలా మైదానం ఓరగా నిలిచిందన్నమాట.

ఈ కొలతల్లో దారాన్ని టేపుకు బదులుగా వాడకూడదు. నైలాన్ తాడు లాగిన కొద్దీ సాగుతుంది. 68 మీటర్ల తాడు నూటికి ఒక వంతు సాగినా 68 సెంటీమీటర్లు పెరిగినట్టే. దారం తిన్నదనం చూపడానికి, టేపు దూరం చెప్పడానికి. గాలి వీచే రోజున పొడవాటి దారం విల్లులా వంగుతుంది. మధ్యలో రెండు మూడు చోట్ల దారాన్ని నేలకు ఆనించి, ఒక చివర నుంచి ఒంటి కన్నుతో చూస్తే ఆ వంపు ఇట్టే తెలిసిపోతుంది.

మన పాఠశాలల్లో చాలావరకు గోల్‌పోస్టులు ముందే పాతి ఉంటాయి. అక్కడ పని పోస్టుల నుంచే మొదలవ్వాలి. ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ఒక గోల్ ఎడమ పోస్టు నుంచి ఎదుటి గోల్‌లో కర్ణంగా ఉన్న పోస్టు దాకా కొలిచి, తర్వాత మిగతా రెండు పోస్టుల మధ్యా కొలవాలి. రెండూ సమానం కాకపోతే గోల్‌లు ఒకదానికొకటి సూటిగా లేవు. అలాంటి చోట ఎంత చక్కగా ముగ్గు పోసినా దీర్ఘచతురస్రం రాదు, పోస్టును పీకి సరిచేయడమే దారి. పోస్టు ఎత్తు కూడా అప్పుడే చూసుకోవాలి. అడ్డకర్ర కింది అంచు నేల నుంచి 2.44 మీటర్లు ఉండాలి. 2020 సెప్టెంబరులో ఉత్తర మాసిడోనియాలో ష్కెండియా జట్టుతో టోటెన్‌హామ్ ఆడబోయే ముందు, గోల్ కాస్త చిన్నగా ఉందని గోల్‌కీపర్లు గుర్తించారు. కొలిస్తే 5 సెంటీమీటర్లు తక్కువ తేలింది, వాటిని మార్చాకే ఆట మొదలైంది. యూరప్ పోటీల్లోనే అలా జరిగినప్పుడు ఊరి మైదానంలో కొలిచి చూడటం చిన్నతనం కాదు.

నాలుగు మూలలూ తేలాక పెట్టెల పని. మూల మేకుకు టేపు సున్నాను తగిలించి, గోల్‌లైన్ పొడవునా ఒక్కసారే పరిచి అన్ని గుర్తులూ పెట్టేయాలి. 13.84 మీటర్ల దగ్గర పెనాల్టీ ఏరియా అంచు, 24.84 దగ్గర గోల్ ఏరియా అంచు, 34 దగ్గర గోల్ నడుమ, 43.16 దగ్గర గోల్ ఏరియా రెండో అంచు, 54.16 దగ్గర పెనాల్టీ ఏరియా రెండో అంచు. గోల్‌పోస్టుల లోపలి అంచులు 30.34, 37.66 దగ్గర వస్తాయి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు టేపు జరుపుకుంటూ పోతే ప్రతిసారీ దొర్లే చిన్న తప్పులు కూడబడి చివరికి పెద్దవవుతాయి. సున్నా కదలకపోతే ఆ బెడద లేదు.

13.84 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏ వెడల్పు మైదానానికైనా లెక్క కట్టుకోవచ్చు. పెనాల్టీ ఏరియాను ప్రతి పోస్టు లోపలి అంచు నుంచి 16.5 మీటర్లు కొలుస్తారు. రెండు వైపులా 33, మధ్యన గోల్ 7.32 కలిపితే 40.32 మీటర్లు. మైదానం వెడల్పులోంచి దాన్ని తీసేసి సగం చేస్తే ఆ అంకె. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గోల్ నడుమ నుంచి అటూ ఇటూ 16.5 కొలిచి పెట్టె గీసేస్తారు. పెట్టె 33 మీటర్లే వస్తుంది, ఏడు మీటర్లకు పైగా కోత పడుతుంది. పెనాల్టీ ఏరియా అంచు పోస్టుకు మరీ దగ్గరగా అనిపిస్తే ఈ తప్పే జరిగిందేమో చూసుకోవాలి.

పెట్టె లోతుకు మళ్లీ లంబకోణాలు తీయనక్కర్లేదు. రెండు పక్కగీతల మీదా మూల నుంచి 5.5, 16.5 మీటర్ల దగ్గర మేకులు కొట్టి, మైదానం అడ్డంగా దారాలు లాగితే చాలు. ఆ దారాల మీద పక్కగీత నుంచి 13.84, 24.84 కొలిస్తే పెట్టెల మూలలు వచ్చేస్తాయి. పెనాల్టీ ఏరియా కర్ణాలు రెండూ 43.57 మీటర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండు గోల్‌ల నడుమల మధ్య నిలువునా ఒక దారం లాగితే పెనాల్టీ చుక్కలూ మధ్య చుక్కా దాని మీదే పడతాయి. పెనాల్టీ చుక్క గోల్‌లైన్ వెనుక అంచు నుంచి చుక్క నడుమకు 11 మీటర్లు.

వృత్తానికి ఒక మేకు, దాని చుట్టూ తిరిగే తాడు ఉంటే సరిపోతుందని అనిపిస్తుంది. కోడిగుడ్డు ఆకారపు వృత్తాలు వచ్చేది ఇక్కడే. తాడును మేకుకు ముడేస్తే, తిరిగే కొద్దీ అది మేకు చుట్టూ చుట్టుకుంటుంది. రెండు సెంటీమీటర్ల మందమున్న మేకుకు ఒక చుట్టు పడితే తాడు 6 సెంటీమీటర్లకు పైగా పొట్టిదవుతుంది. మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి గీత గీతతో కలవదు. ముడికి బదులు మేకుకు వదులైన రింగు తగిలించి, దానికి సాగని తీగనో టేపునో కట్టాలి. తిప్పే మనిషి తాడును నేలకు దగ్గరగా, ఒకే బిగువుతో పట్టుకోవాలి. చెయ్యి పైకి లేస్తే వృత్తం చిన్నదవుతుంది. ముందు మీటరుకొక చుక్క చొప్పున గుర్తులు పెట్టి, అవి కలిపేలా రంగు వేస్తే నునుపుగా వస్తుంది.

డీ గీతను కూడా ఇలాగే గీస్తారు, కాకపోతే మేకు పెనాల్టీ చుక్క మీద ఉండాలి. పెట్టె గీత నడుమన మేకు పెట్టి అర్ధవృత్తం గీసిన మైదానాలు మనకు తక్కువేమీ కావు. పెనాల్టీ కొట్టేటప్పుడు మిగతావారు చుక్క నుంచి 9.15 మీటర్ల దూరంలో ఉండాలి, ఆ దూరాన్ని చూపించడమే ఈ గీత పని. అందుకే పెట్టె లోపల అది ఉండదు. సరిగ్గా గీస్తే డీ చివరలు పెట్టె గీతను నడుమ నుంచి అటూ ఇటూ 7.31 మీటర్ల దగ్గర తాకుతాయి. ఇది గోల్ మొత్తం వెడల్పుకు దాదాపు సమానం, కాబట్టి పరీక్ష గుర్తుపెట్టుకోవడం తేలిక. మూలల్లో జెండా దగ్గర ఒక మీటరు వ్యాసార్ధంతో పావు వృత్తాలు వేస్తే గీతల లెక్క పూర్తవుతుంది.

గీతలన్నీ కలిపితే 105, 68 మైదానంలో దాదాపు 717 మీటర్లు అవుతాయి. 10 సెంటీమీటర్ల మందంతో ఇది దాదాపు 72 చదరపు మీటర్లు, అంటే సుమారు 770 చదరపు అడుగులు. ఒక చిన్న ఇంటి నేలంతా రంగు వేసినట్టు. గడ్డికి నీటితో కలిపే మార్కింగ్ రంగు మంచిది. తేమ ఆరిన గడ్డి మీద, వాన సూచన లేని పూట వేయాలి. చక్రాల మార్కింగ్ బండి ఉంటే సరే, లేనిచోట రెండు చెక్కపట్టీలను గీత మందమంత ఎడంతో పరిచి, మధ్యలో బ్రష్షుతో వేస్తూ జరుపుకుంటూ పోవచ్చు. మధ్య వృత్తం నుంచి బయటికి వస్తే తడి గీతలు తొక్కే పని ఉండదు.

మట్టి నేల మీద సుద్ద పొడి, రాతిపొడితో చేసిన ముగ్గుపిండి నడుస్తాయి. సున్నం మాత్రం వద్దు. గోడలకు వాడే తడి సున్నమైనా పొడి సున్నమైనా చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆటగాళ్లు పడేదీ జారేదీ ఆ గీతల మీదే. సున్నంతో గీసిన మైదానంలో పిల్లలను ఆడించకూడదు.

రంగు ఆరాక దారాలు చుట్టేసి మేకులు పీకాలి. ఇక్కడ చెప్పిన పద్ధతిలో రెండు పక్కగీతల మీద 14, రెండు గోల్‌లైన్ల మీద 10, పెట్టెల మూలల్లో 8, మూడు చుక్కల దగ్గర 3, మొత్తం 35 మేకులు దిగుతాయి. కొట్టేటప్పుడే లెక్క రాసుకుని, 35 చేతికి వచ్చాయని చూసుకున్నాకే ఆటగాళ్లను మైదానంలోకి పిలవండి.